ఆరు రోజుల వంతు

దేవసహాయాన్ని ఆఫీసులో అందరూ ‘తాలు సారు’ అని పిలిచేవాళ్లు. వెటకారంగానే పిలిచేవాళ్లు. ఆయన మాత్రం అదేదో బిరుదన్నట్టు పలికేవాడు. మిరప రైతుల సంఘంలో ఆయనది గ్రేడింగ్ అసిస్టెంటు ఉద్యోగం. రైతు తెచ్చిన కాయలో ఎంత మంచిది, ఎంత తాలు అని తేల్చి చెప్పడమే పని. తాలంటే తెలుసుగా, రంగు వెలిసి తెల్లబడిపోయిన కాయ. ఎర్రటి కుప్పలో అది కనబడిందంటే కొనేవాడు మొహం చిట్లిస్తాడు, రైతు మొహం చిన్నబోతుంది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ముక్కులోకి మిరప ఘాటు ఎక్కీ ఎక్కీ గొంతు బొంగురుపోయింది. ఊరు క్రోసూరు దగ్గర చినపాలెం. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త రోశమ్మ పెంచింది. ఆమెకు ఎకరన్నర మిరప తోట, ఊళ్లో అందరినీ అదిలించే నోరు, ఈ ఒక్క మేనల్లుడు. ఆయన నరసరావుపేటలో గది అద్దెకు తీసుకుని ఉంటూ, ఆదివారం చర్చి వేళకు ఊరు చేరేవాడు. చేరకపోయాడో, సోమవారం బస్సుకు ఆమే వచ్చి దిగేది.

ఎనభై అయిదులో సంఘం ఒక పెద్ద పని తలపెట్టింది. పల్నాట్లో అయిదు ఊళ్లలో మిరపకాయ ఎండబోసుకోడానికి సిమెంటు కళ్లాలు కట్టించాలని. అప్పటిదాకా రైతులు చేలో మట్టి చదును చేసి, పేడతో అలికి ఎండబోసేవాళ్లు. కింద తేమ, పైన మంచు, మధ్యలో ఒక్క వాన పడితే కాయంతా తాలు. సిమెంటు కళ్లం కడితే తాలు సగానికి సగం తగ్గుతుందని ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారు గుంటూరు పైఆఫీసుకు రాసి పంపారు. పైఆఫీసు వాళ్లు సరేనన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. కళ్లాలు కట్టి ఊరుకోవడం కాదు, ఒక పంట గడిచాక, అనుకున్న మేలు జరిగిందా లేదా అని కొలిచి చూపాలి. చూపితే ఇంకో ఇరవై ఊళ్లకు కళ్లాలు. ఆ ఇరవైలో చినపాలెం పదకొండోది.

కొలవాలంటే ముందు ఎంతుందో తెలియాలి కదా! ఆ సంగతి ఆఫీసులో ఇంకెవరికీ తట్టలేదు, దేవసహాయానికి తట్టింది. కళ్లాలకు పునాది తీయకముందే, ఆ మే నెల ఎండలో అయిదు ఊళ్లూ తిరిగాడు. ఊరికి ఎనిమిది మంది చొప్పున నలభై మంది రైతుల కుప్పల్లోంచి కాయ తీసి, కలిపి, కిలో తూచి, తాలు ఏరి, ఆ తాలును మళ్లీ తూచి రాసుకున్నాడు. వందకు పద్నాలుగు పాళ్లు తాలు తేలింది. “కట్టకముందే ఈ యాగీ ఏందయ్యా?” అని వెంకట్రామయ్య గారు విసుక్కున్నారు. ఆయన విసుగు ఈయన చెవికెక్కలేదు.

నవంబరుకల్లా కళ్లాలు తయారయ్యాయి. కొబ్బరికాయలు కొట్టారు, ఫోటోలు దిగారు. ఇంజనీరు ‘పని పూర్తి’ అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆర్నెల్లు గడిచాయి, పంట చేతికొచ్చి కాయ ఇళ్లకు చేరింది. ఎనభై ఆరు మే వచ్చింది.

అదే నెలలో, అవే ఊళ్లకు, అదే నలభై మంది దగ్గరికి దేవసహాయం మళ్లీ బయలుదేరాడు. నెల మారినా, మనిషి మారినా లెక్క చెడుతుందని ఆయన పట్టుదల. రెంటచింతల వైపు బస్సు దిగితే చెప్పుల్లోంచి కూడా కాళ్లు కాలిపోయేవి. తలకు తడిగుడ్డ చుట్టుకుని, పన్నెండు రోజులు తిరిగి నలభై కుప్పలూ తూచాడు. కూడి భాగించాడు. వందకు ఎనిమిది వచ్చింది.

పద్నాలుగు నుంచి ఎనిమిదికి! ఆఫీసులో పండగే పండగ. వెంకట్రామయ్య గారు ఆ కాయితం చేత్తో పట్టుకుని ఇటూ అటూ తిరిగారు. “సగం తగ్గుద్దని రాశాం, అంటే ఏడు. ఎనిమిదొచ్చింది. ఇంకేం కావాలయ్యా! జూన్ పదిహేనున పైఆఫీసు నుంచి జీనత్ గారొస్తున్నారు చూడ్డానికి. ఆ లోపల రిపోర్టు అచ్చు కొట్టించు” అన్నారు. దేవసహాయానికి కూడా సంతోషమే. ఆయనదీ రక్తమాంసాలున్న ఒళ్లే, తన ఊరికి కళ్లం వస్తుందంటే పొంగదా?

ఆ ఆదివారం ఊరికెళితే రోశమ్మ చేతిలో పార పెట్టుకుని కనబడింది. చర్చి వెనక కళ్లానికి ఇచ్చిన జాగాలో ఆమె, ఇంకో పాతిక మంది కలిసి రాళ్లు ఏరి కుప్ప పోస్తున్నారు. మంజూరు కాకముందే జాగా చదును చేసేస్తున్నారు!

“తొందరేందత్తా, ఇంకా కాయితం రాలా” అన్నాడు దేవసహాయం.

“వచ్చిద్దిలే. నువ్వున్నావు గదా రాసేటోడివి” అంది రోశమ్మ, చెమట కొంగుతో తుడుచుకుంటూ. ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. దేవసహాయమూ నవ్వాడు.

మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కూచున్నాడు. రోశమ్మ చాట ముందేసుకుని కాయ ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ, “ఈ ఏడు దేవుడు చల్లగా చూశాడురా. నీళ్లచుక్క పడలా. తాలే లేదు” అంది.

దేవసహాయం చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. నిరుడు మాఘంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఈ ఏడు వాన లేదు. అయిదు ఊళ్లలోనూ లేదు, ఇక్కడా లేదు. మరి తాలు తగ్గించింది కళ్లమా, ఆకాశమా?

ఇంకొకడైతే ఆ ఆలోచనను మజ్జిగతో కలిపి మింగేసేవాడు. ఈయన లేచి తక్కెడ తెచ్చాడు. అత్త కుప్పతో మొదలుపెట్టి, సాయంత్రంలోపల ఊళ్లో ఎనిమిది ఇళ్లు తూచాడు. చినపాలెంలో సిమెంటు కళ్లం లేదు. అయినా అక్కడి తాలు వందకు ఎనిమిదిన్నర. కళ్లాలున్న ఊళ్లలో ఎనిమిది. అంటే అంత సిమెంటు పోసి, అంత హడావిడి చేసి, సాధించింది అర పాలు!

తిరిగి వస్తూ బస్సులో ఆయన అదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. అర పాలు అని రాస్తే ఇరవై ఊళ్ల మాట దేవుడెరుగు, చినపాలెం జాగాలో రాళ్లకుప్ప తప్ప ఏమీ మిగలదు. రాయకపోతే ఎవరికీ తెలియదు. తనకు తప్ప! అదే కదా చిక్కు. ఎక్కడో ఏదో తప్పిపోయిందని మనసు పీకింది. సిమెంటు మీద తేమ ఊరదు, దుమ్ము అంటదు. అర పాలే ఎందుకు తగ్గుతుంది? కారణం కళ్లం దగ్గరే దొరకాలి, ఆఫీసులో దొరకదు. పొద్దున్నే సెలవుచీటీ రాసి పడేసి మళ్లీ ఊళ్ల మీద పడ్డాడు.

రెండో రోజు చిన్నకోటయ్య అనే రైతు ఇంటి ముందు సంగతి బయటపడింది. చిన్నకోటయ్య కోపిష్టి. దేవసహాయాన్ని చూడగానే బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి మొహం మీద పెట్టినంత పని చేశాడు. పైకి ఎర్రగా ఉంది. లోపల గింజ చుట్టూ బూజు.

“చూడు సారూ! మీ కళ్లం మీద ఎండిన కాయ! నా మట్టి కళ్లమే నయం. పన్నెండు రోజులైనా ఎవడూ లెగమనేవాడు కాదు.”

“లెగమనడమేంది?”

“ఏందని నన్నడుగుతావేంది? మీరు పెట్టిన వంతే గదా! మనిషికి ఆరు రోజులు. ఏడో రోజు పొద్దున్నే వెనకోడు బస్తాలేసుకుని వచ్చి నెత్తిన కూచుంటాడు. కాయ ఎండినా ఎండకపోయినా ఎత్తెయ్యాల్సిందే. పచ్చి పచ్చిగా బస్తాకెత్తితే లోపల ఉడికి కొంత తెల్లబడిద్ది, కొంత ఇదిగో ఇట్టా బూజు పట్టి చచ్చిద్ది.”

దేవసహాయం అరుగు మీద కూలబడ్డాడు. ఆరు రోజులు. ఆ అంకె ఎవరిది? ఆయనదే!

కళ్లాల ప్రతిపాదన రాసేటప్పుడు ఒక్కో కళ్లాన్ని గళ్లుగా విడగొట్టి వంతుల మీద ఇస్తే అరవై కుటుంబాలకు పనికొస్తుందని చూపాల్సి వచ్చింది. ఒక మనిషికి ఎన్ని రోజులు పడుతుందని వెంకట్రామయ్య గారు అడిగితే, ఈయన తన అద్దెగది డాబా మీద ఒక గంప కాయ ఎండబెట్టి చూశాడు. ఆరు రోజులకు గలగలలాడింది. ఆరు అని రాసిచ్చాడు. కానీ ఎండబెట్టింది ఏప్రిల్లో. అదీ మేడ మీద, ఒక్క గంప. తొలి కోత వచ్చేది జనవరి చివర్లో. అప్పుడు ఎండలో పస ఉండదు, తెల్లవారి మంచు. బస్తాలకు బస్తాలు పోస్తే ఆరు రోజులకు ఎక్కడ ఎండుతుంది? ఇరవై ఏళ్లుగా కాయ చూస్తున్న మనిషి, తూకం వేయందే మాట నమ్మని మనిషి, ఒక్క గంప చూసి అయిదు ఊళ్లకు వంతు రాశాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“అందరికీ ఆరేనా?” అని అడిగాడు చివరికి.

“పక్కనున్న రెండు ఊళ్లలో కాదంట. ఆళ్లు ముప్పై ఇళ్లోళ్లే. రాసుకున్నది ఆరే గానీ, వెనకోడు లేకపోతే ఎవడు లేపుతాడు? పది రోజులు, పన్నెండు రోజులు హాయిగా ఎండబోసుకున్నారు.”

దేవసహాయం అక్కడే సంచీలోంచి నోటుబుక్కు తీశాడు. నలభై మందినీ కలిపి కూడాడు గానీ, ఎవరి కాయ ఎన్ని రోజులు కళ్లం మీద ఉందో అడగనే లేదు. అడగడానికి మళ్లీ నలభై ఇళ్లూ తిరిగాడు. కొందరు “ఎన్నిసార్లొస్తావయ్యా, మా పిల్లనేమన్నా అడగొచ్చావా?” అని ఎకసెక్కాలాడారు. నవ్వేసి అడిగాడు. జూన్ పన్నెండుకు లెక్క విడిపోయింది. వంతు తరుముడు లేని రెండు ఊళ్లలో పదహారు మంది, తాలు అయిదు పాళ్లు. ఆరు రోజులకే ఎత్తేసిన మూడు ఊళ్లలో ఇరవై నాలుగు మంది, తాలు పది పాళ్లు. కళ్లమే లేని చినపాలెం ఎనిమిదిన్నర. బాగా వాడితే కళ్లం మంచిదే. వంతు పెట్టి తరిమితే మట్టి కంటే చెడ్డది. రెంటినీ కలిపి ఎనిమిది చేసి, అందరూ బాగుపడ్డారని పండగ చేసుకున్నారు.

వెంకట్రామయ్య గారు ఆ కాయితం చదివి, తలుపు మూయించారు.

“ఇదేం పనయ్యా! వానలేదని నువ్వే చెప్తున్నావు, నీ వంతు తప్పని నువ్వే రాస్తున్నావు. ఎనిమిది అన్నది అబద్ధమా?”

“అబద్ధం కాదండి. కానీ దాన్ని చూసి ఇరవై ఊళ్లలో ఇదే ఆరు రోజుల వంతు పెడతారు. ఇరవై ఊళ్లలో కాయ బూజు పట్టిద్ది.”

“వంతు తర్వాత మార్చుకుందాం. ముందు మంజూరు కానీ. మీ ఊరు కూడా ఉందయ్యా అందులో! మీ అత్త మొహం చూడవా?”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. దేవసహాయం తన బొంగురు గొంతుతో, “ఆమె మొహం చూసే రాశానండి. ఆమె కాయ కూడా ఆ కళ్లం మీదికే వచ్చిద్ది గదా” అన్నాడు. వెంకట్రామయ్య గారు దండం పెట్టినంత పని చేశారు. చివరికి, “నీ సంతకంతో నువ్వే ఇచ్చుకో. నాకు సంబంధం లేదు” అని లేచిపోయారు.

జీనత్ గారు చెప్పిన రోజునే వచ్చారు. నలభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు, తక్కువ మాటలు. రిపోర్టు మొత్తం ఒక్క బిగిన చదివి, పెన్సిలు పెట్టి తట్టారు.

“ఆ రెండు ఊళ్ల రైతులు అసలే శ్రద్ధగలవాళ్లేమో? అందుకే తాలు తక్కువేమో? అది కళ్లం గొప్ప అని ఎట్లా అంటారు?”

“నిరుటి లెక్క ఉంది మేడమ్. అదే పదహారు మందికి నిరుడు పద్నాలుగు. మిగతావాళ్లకూ పద్నాలుగే. తేడా ఈ ఏడే వచ్చింది.”

“బాగుంది. మరి చినపాలేనికి నిరుటి లెక్కేది?”

“లేదు మేడమ్. కళ్లం కట్టే ఊళ్లే తూచాను. కట్టని ఊరు ఒకటన్నా తూచి ఉండాల్సింది. తప్పు నాదే.”

“అయితే వానలేకపోవడం వల్ల ఎంత తగ్గిందో, కళ్లం వల్ల ఎంత తగ్గిందో మీరు గట్టిగా చెప్పలేరు.”

“చెప్పలేను మేడమ్. ఆరు రోజుల వంతు చెరిచిందని మాత్రం గట్టిగా చెప్పగలను.”

జీనత్ గారు కళ్లద్దాలు తీసి ఆయన్ని చూశారు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. వారం రోజులకు పైఆఫీసు కాయితం వచ్చింది. ఇరవై ఊళ్ల మంజూరు ఒక పంట ఆపాలి. ఉన్న అయిదు కళ్లాల మీద కాయ ఎండేదాకా వంతు ఇవ్వాలి, కుటుంబాలు ఎక్కువైతే గళ్లు చిన్నవి చెయ్యాలి. వచ్చే మేలో మళ్లీ తూచాలి. కొత్త కళ్లాలు అడిగే ఊళ్లన్నిటిలోనూ అదే నెలలో కట్టకముందు లెక్క తీయాలి. ఏ ఊరి లెక్క లేకపోతే ఆ ఊరు జాబితాలో ఉండదు.

చినపాలెంలో ఆ కబురు చెప్పిన రోజు ఆయన మీద దుమ్మెత్తి పోయని వాళ్లు లేరు. “మనోడే మన నోట్లో మట్టి కొట్టాడు” అన్నారు. రోశమ్మ ఏమీ అనలేదు, అది ఇంకా అన్యాయం. కంచంలో అన్నం పెట్టి, లోపలికెళ్లి తలుపు చేరేసుకుంది. ఏడాది పొడుగునా ఆయన ఆదివారాలు మానకుండా వెళ్లాడు. ఆమె అన్నం మానకుండా పెట్టింది. మాట మాత్రం లేదు. మనిషికి అన్నం పెట్టి మాట పెట్టకపోతే ఎలా ఉంటుందో దేవసహాయం మొహం చూసిన వాళ్లకు తెలుసు. చిక్కిపోయాడు. అయినా రాసింది వెనక్కి తీసుకోవాలని ఒక్కరోజు అనుకోలేదు.

ఎనభై ఏడు మే వచ్చింది. అయిదు ఊళ్లూ తిరిగాడు. ఈసారి ఫిబ్రవరిలో రెండు రోజులు వాన కూడా పడింది. అయినా తాలు అయిదున్నర. చిన్నకోటయ్య కాయ విరిచి చూపించి, “ఇప్పుడు తిట్టడానికేం లేదు సారూ, కాఫీ తాగి పో” అన్నాడు. ఇక మిగిలింది కొత్త ఊళ్ల ముందు లెక్క. పంతొమ్మిది ఊళ్లలో కుప్పలు తెరిచారు. ఆఖరున చినపాలెం.

తక్కెడ భుజాన వేసుకుని ఊళ్లోకి వచ్చిన మనిషికి ఒక్క ఇల్లు తలుపు తీయలేదు. “పోయినసారి తూచి ఏం ఉద్ధరించావు?” అని ఒకడు, “మా కాయ నీ కంట పడితేనే తాలైద్ది” అని ఇంకొకడు. దేవసహాయం ఎవరినీ బతిమాలలేదు. చర్చి వెనక, నిరుడు రాళ్లు ఏరిన జాగాలో, తక్కెడ దించి కూచున్నాడు. లెక్క లేకుండా ఈ ఊళ్లోంచి కదలనని తనలో తను గట్టిగా అనుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు రోశమ్మ వచ్చింది. నెత్తిన బస్తా, వెనక కాళ్లీడ్చుకుంటూ ఊళ్లోవాళ్లు ఏడెనిమిది మంది. వాళ్లను ఏమని అదిలించి తెచ్చిందో ఆమెకే తెలియాలి. బస్తాను ఆయన ముందు ధబ్బున పడేసింది.

“తూయ్.”

దేవసహాయం తలెత్తి చూశాడు.

“ఏందట్టా చూస్తావు? కళ్లం వచ్చినాక ‘నీకేం ఒరిగిందే’ అని ఎవడన్నా అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఒక అంకె ఉండొద్దూ? తూచి రాసుకో.”

ఆయన బస్తా మూతి విప్పి, పైనున్న కాయ తీయబోయాడు. ఎర్రగా నిగనిగలాడుతోంది. రోశమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“అది కాదు. పైన మంచియ్యి పోశా. అడుగునుంచి తీయ్.”